మండీ సాఫ్ట్‌వేర్‌ను ముక్కలు చేయాలా? మోనోలిత్, మైక్రోసర్వీసుల వాదనను తేల్చుకునే పద్ధతి

కర్నూలులో ఏడుగురం కలిసి నడుపుతున్న మా బృందం ఆదోని వైపు కమీషన్ మండీలకు ఒక సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చింది. రైతు తెచ్చిన పత్తి, వేరుశనగ లాట్లు వేలంలో పోయిన తరువాత కాటా తూకం నమోదు కావడం, ఆ తూకం మీద రైతుకు ఇచ్చే తక్‌పట్టీ అనే లెక్క చీటీ తయారు కావడం, కొన్న వ్యాపారి ఖాతాలో బాకీ పడడం, రైతు ఫోనుకు ఎస్సెమ్మెస్ వెళ్లడం, ఆనాటి ధరలు అందరూ చూసే పేజీలో చేరడం, ఇవన్నీ ఒకే ప్రోగ్రాములో, ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద జరుగుతాయి. ఇలా అన్ని పనులనూ ఒకే అప్లికేషన్‌గా కట్టి ఒకేసారి డిప్లాయ్ చేస్తే అది మోనోలిత్. ఒక్కొక్క పనిని సొంత డేటా ఉన్న వేరే ప్రోగ్రాముగా విడదీసి, అవి నెట్‌వర్క్ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేస్తే అవి మైక్రోసర్వీసులు. 2014లో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసం తరువాత ఈ రెండో మాట బాగా వ్యాపించింది.

సీజను ముదిరిన ఒక నవంబరు పొద్దున ఒక మండీ గుమస్తా ఫోన్ చేశాడు. "చీటీ రాలేదన్నా, ఈడ బండ్లన్నీ నిలబడిపోయినాయి. కాటా ఆపమంటారా, చేతిరాత చీటీలు ఇచ్చేయమంటారా?" చేతితోనే రాయమన్నాము. ఆ సాయంత్రం మాలో అందరికన్నా చిన్నవాడు బోర్డు మీద ఆరు డబ్బాలు గీసి, అన్నీ ఒకే చోట ఇరికించడం వల్లనే ఈ కష్టం వచ్చిందని, ఆరు సర్వీసులుగా విడదీద్దామని ప్రతిపాదించాడు. నేను వద్దన్నాను. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం అతని దగ్గరా ఆధారం లేదు, నా దగ్గరా లేదు. గంటన్నర సేపు వాదించుకుని ఇళ్లకు వెళ్లిపోయాము. ఆ తరువాత నాలుగు వారాలలో మేము ఒకదాని వెంట ఒకటిగా చేసిన పనులనే ఇక్కడ మెట్లుగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఫిర్యాదుకు కారణాన్ని డేటాబేస్‌లో వెతకండి

"సిస్టమ్ నెమ్మదిగా ఉంది" అన్న ఫిర్యాదు నుండి నేరుగా "మోనోలిత్ పనికిరాదు" అన్న తీర్పుకు దూకడం ఈ వాదనలో అందరూ చేసే మొదటి తప్పు. నెమ్మదించిన సమయంలో ప్రోగ్రాము దేనికోసం ఎదురుచూస్తున్నదో ముందుగా చూడాలి. పోస్ట్‌గ్రెస్ వాడేవారు సమస్య నడుస్తుండగానే ఈ ప్రశ్న వేయవచ్చు:

```sql
SELECT pid, state, now() - xact_start AS age, left(query, 60)
FROM pg_stat_activity
WHERE state = 'idle in transaction'
ORDER BY age DESC;
```

రెండు రోజుల తరువాత మళ్లీ అదే ఇబ్బంది వచ్చినప్పుడు మేము దీనిని నడిపితే పది వరుసలు వచ్చాయి. మా కనెక్షన్ పూల్ పరిమాణం కూడా సరిగ్గా పదే. అంటే ఉన్న పది కనెక్షన్లూ ట్రాన్సాక్షన్ తెరిచి, డేటాబేస్‌లో ఏ పనీ చేయకుండా, ఊరికే పట్టుకుని కూర్చున్నాయి. వాటి వయసు ఇరవై, ఇరవై అయిదు సెకన్ల దాకా ఉంది. కోడ్ తెరిచి చూస్తే తక్‌పట్టీని డేటాబేస్‌లో రాసి, ట్రాన్సాక్షన్ ముగించకముందే ఎస్సెమ్మెస్ గేట్‌వేను పిలుస్తున్నాము. ఆ వరుసను రెండేళ్ల కిందట రాసింది నేనే.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. రద్దీ వేళలో నిమిషానికి నలభై తక్‌పట్టీలు, అంటే సెకనుకు 0.67. గేట్‌వే 0.2 సెకన్లలో జవాబిచ్చే రోజున ఆ పిలుపుల కోసం ఏ క్షణంలోనైనా నిలిచి ఉండే కనెక్షన్లు సగటున 0.13 మాత్రమే, కాబట్టి తప్పు ఎవరికీ కనబడదు. అదే గేట్‌వే మొరాయించి, మేము పెట్టుకున్న 30 సెకన్ల గడువు దాకా ప్రతి పిలుపూ సాగితే 0.67 × 30, అంటే 20 కనెక్షన్లు కావాలి. ఉన్నవి పది. పదకొండవ గుమస్తా నొక్కిన బటన్‌కు ఎస్సెమ్మెస్‌తో ఏ సంబంధం లేకపోయినా అతడు వరుసలో నిలబడవలసిందే.

ఇప్పుడు బోర్డు మీది ఆరు డబ్బాలను ఈ లెక్కలో పెట్టి చూడండి. ఎస్సెమ్మెస్‌ను వేరే సర్వీసుగా చేసి, తక్‌పట్టీ సర్వీసు తన ట్రాన్సాక్షన్ మధ్యలో దానిని పిలిచి జవాబు కోసం ఆగితే, కావలసిన కనెక్షన్లు అప్పుడూ ఇరవయ్యే. జబ్బు ట్రాన్సాక్షన్ లోపల ఎదురుచూడడంలో ఉంది. విడదీస్తే అదే ఎదురుచూపు మధ్యలో ఇంకొక నెట్‌వర్క్ పిలుపు చేరుతుంది, అంతే. చాలా బృందాలలో విడదీసిన తరువాత నిజంగానే వేగం వస్తుంది, ఎందుకంటే విడదీసే పనిలో భాగంగా కోడ్‌ను తిరగరాస్తూ ఇటువంటి పాత తప్పులను కూడా సరిచేస్తారు. ఆ ఘనత మాత్రం మైక్రోసర్వీసుల ఖాతాలో పడుతుంది.

రెండవ మెట్టు: కలిసి నిలవవలసిన పద్దులను గుర్తించండి

మొత్తం నిర్ణయంలో ఎక్కువ సమయం ఇవ్వవలసిన మెట్టు ఇదే, అందుకని ఇక్కడ కొంచెం ఆగుతాను. మీ వ్యవస్థలో ఏ రెండు రాతలు కలిసి జరగాలో, ఒకటి జరిగి రెండవది జరగకపోతే ఎవరు వచ్చి తలుపు తడతారో ఒక కాగితం మీద రాయండి.

మా విషయంలో ఒక లాట్‌ను తీసుకుందాము. లాట్ సంఖ్య 4187, పత్తి, తూకం 12 క్వింటాళ్ల 40 కిలోలు, వేలంలో పలికిన ధర క్వింటాలుకు 7,100 రూపాయలు. మొత్తం 88,040 రూపాయలు. ఈ మొత్తం రైతు తక్‌పట్టీలో రావాలి, అదే మొత్తం కొన్న వ్యాపారి ఖాతాలో బాకీగా పడాలి. మోనోలిత్‌లో ఇది ఒకే ట్రాన్సాక్షన్:

```sql
BEGIN;
INSERT INTO bills (lot_id, amount) VALUES (4187, 88040);
INSERT INTO ledger (party_id, lot_id, debit) VALUES (52, 4187, 88040);
COMMIT;
```

మధ్యలో కరెంటు పోయినా, సర్వరు పడిపోయినా రెండు రాతలూ ఉంటాయి లేదా రెండూ ఉండవు. ఈ హామీని డేటాబేస్ ఇస్తున్నది, మేము దాని కోసం ఒక్క వరుస కోడ్ కూడా అదనంగా రాయలేదు.

బిల్లింగ్‌ను, ఖాతాలను రెండు సర్వీసులుగా విడదీశామనుకుందాము. బిల్లింగ్ సర్వీసు తన డేటాబేస్‌లో తక్‌పట్టీ రాసుకుని, ఖాతా సర్వీసుకు "52వ వ్యాపారికి 88,040 బాకీ వేయి" అని పంపుతుంది. అయిదు సెకన్లయినా జవాబు రాలేదు. ఇక్కడ మూడు సంగతులలో ఏదైనా జరిగి ఉండవచ్చు. కబురు చేరి ఉండకపోవచ్చు, చేరి పద్దు పడకపోయి ఉండవచ్చు, పద్దు పడి జవాబు దారిలో పోయి ఉండవచ్చు. పంపినవాడికి ఈ మూడూ ఒకే తీరుగా కనిపిస్తాయి. మళ్లీ పంపితే మూడవ సందర్భంలో వ్యాపారికి 1,76,080 రూపాయల బాకీ పడుతుంది. పంపకపోతే మొదటి రెండు సందర్భాలలో అసలు బాకీయే పడదు.

దీనికి మందు లేదని కాదు. ప్రతి కబురుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, ఖాతా సర్వీసులో ఆ సంఖ్య మీద యూనిక్ నిబంధన పెట్టి, రెండవసారి వచ్చినదానిని పక్కన పెట్టవచ్చు. బాకీ వేయడం పూర్తిగా విఫలమైతే తక్‌పట్టీని రద్దు చేసే తిరుగు పద్దు రాయవచ్చు. కానీ ఆ తిరుగు పద్దు పడేలోపు రైతు చేతికి కాగితం వెళ్లిపోయి ఉంటుంది, ఆ కాగితాన్ని ఏ సర్వీసూ వెనక్కి తెప్పించలేదు. పైగా రోజూ రాత్రి రెండు డేటాబేస్‌ల మొత్తాలను సరిపోల్చే ఇంకొక ప్రోగ్రాము కావాలి, తేడా వచ్చిన నాడు కూర్చుని చూసే మనిషి కావాలి. నాలుగు వరుసలలో డేటాబేస్ ఇచ్చిన హామీని తిరిగి సంపాదించడానికి ఇంత కట్టుకోవాలి.

కాబట్టి మేము పెట్టుకున్న నియమం ఇది: ఒక సరిహద్దు గీసినప్పుడు దాని మీదుగా ఒకే ట్రాన్సాక్షన్ దాటవలసి వస్తే, ఆ గీత తప్పు చోట పడినట్లే. తూకం, తక్‌పట్టీ, ఖాతా ఈ మూడూ గీతకు ఒకే వైపున ఉండాలి. ఎస్సెమ్మెస్ సంగతి వేరు. అది అయిదు నిమిషాలు ఆలస్యమైనా, రెండుసార్లు వెళ్లినా రైతు విసుక్కుంటాడేమో కానీ డబ్బు తేడా రాదు. ధరల పేజీ కూడా అంతే.

మూడవ మెట్టు: ఏవి కలిసి మారుతున్నాయో గిట్ చరిత్రను అడగండి

బోర్డు మీది డబ్బాలు ఎంత అందంగా ఉన్నా, గత ఆరు నెలలలో మీరు నిజంగా చేసిన మార్పులు వాటితో ఏకీభవించకపోవచ్చు. ఈ ఆదేశం ఒక్కొక్క కమిట్‌లో మారిన ఫైళ్లను చూపుతుంది:

```
git log --since="6 months ago" --no-merges --name-only --pretty=format:"== %h"
```

ఫోల్డర్ల పేర్లను బట్టి లెక్క పెడితే చాలు, దీనికి పెద్ద పరికరాలు అక్కరలేదు. మా చరిత్రలో బిల్లింగ్ ఫోల్డర్‌ను తాకిన కమిట్లలో సగానికి పైగా ఖాతాల ఫోల్డర్‌ను కూడా తాకాయి. హమాలీ కూలి లెక్క మారినా, తరుగు తీసే పద్ధతి మారినా రెండు చోట్లా మార్చవలసిందే. వాటిని విడదీసి ఉంటే అటువంటి ప్రతి మార్పుకూ రెండు సర్వీసులను ఒక వరుసలో డిప్లాయ్ చేయాలి, మధ్యలో పాత బిల్లింగ్ కొత్త ఖాతాలతో మాట్లాడే కొన్ని నిమిషాలకు కూడా కోడ్ రాయాలి. పేరుకు వేర్వేరు సర్వీసులై, కలిపి తప్ప కదపలేని ఇటువంటి స్థితిని డిస్ట్రిబ్యూటెడ్ మోనోలిత్ అంటారు. రెండు పద్ధతులలోని కష్టాలూ అందులో ఉంటాయి. ధరల పేజీని తాకిన కమిట్లు మాత్రం దాదాపు అన్నీ ఆ ఒక్క ఫోల్డర్‌లోనే ఆగిపోయాయి. ఆ లెక్క చూసినప్పుడు మా చిన్నవాడి డబ్బాలలో ఒకటి సరైనదేనని నాకు మొదటిసారి అనిపించింది.

నాలుగవ మెట్టు: ముందు చౌక మందు వేయండి

మోనోలిత్‌కు, మైక్రోసర్వీసులకు మధ్య రెండు మజిలీలు ఉన్నాయని వాదనల వేడిలో అందరూ మరిచిపోతారు. ఒకటి, అదే ప్రోగ్రాము లోపల గోడలు కట్టుకోవడం. బిల్లింగ్ కోడ్ ఖాతాల పట్టికలను నేరుగా ముట్టకుండా, ఖాతాల మాడ్యూల్ బయటపెట్టిన నాలుగైదు ఫంక్షన్ల ద్వారానే అడగాలని నియమం పెట్టి, ఆ నియమాన్ని దాటిన కోడ్‌ను బిల్డ్ తిరస్కరించేలా చేయడం. రెండవది, అదే కోడ్‌ను, అదే డేటాబేస్‌ను వాడుతూ వేరే ప్రాసెస్‌గా నడపడం.

మా ఎస్సెమ్మెస్ జబ్బుకు రెండవదే సరిపోయింది. తక్‌పట్టీ రాసే ట్రాన్సాక్షన్‌లోనే `outbox` అనే పట్టికలో ఒక వరుస చేర్చి, గేట్‌వేను అక్కడ పిలవడం మానేశాము. పక్కన వర్కర్ ప్రాసెస్ ఒకటి సొంతంగా రెండే కనెక్షన్లతో నడుస్తూ ఈ వరుసలను తీసుకుని పంపుతుంది:

```sql
SELECT id, kind, lot_id FROM outbox
WHERE done_at IS NULL
ORDER BY id LIMIT 10
FOR UPDATE SKIP LOCKED;
```

వర్కర్ దీనిని ట్రాన్సాక్షన్ తెరిచి నడిపి, పంపడం అయ్యేదాకా ముగించదు కాబట్టి, చివరి వరుసలోని `SKIP LOCKED` వల్ల ఇద్దరు వర్కర్లు ఒకే పనిని ఏకకాలంలో పట్టుకోరు. పోస్ట్‌గ్రెస్ 9.5 నుండి ఇది ఉంది. గేట్‌వే మొరాయిస్తే ఎదురుచూసేది వర్కరే, కాటా దగ్గరి గుమస్తాకు తెలియను కూడా తెలియదు. ఎస్సెమ్మెస్ పంపిన తరువాత, `done_at` నింపేలోపు వర్కర్ పడిపోతే అదే ఎస్సెమ్మెస్ రెండుసార్లు వెళ్తుంది. దానిని సహించగలమని రెండవ మెట్టులో ముందే తేల్చుకున్నాము కాబట్టి అక్కడితో వదిలేశాము. పరీక్షలతో కలిపి నాలుగు రోజుల పని. ఆ సీజనులో గేట్‌వే తరువాత కూడా రెండుసార్లు మొరాయించింది, మండీల నుండి ఫోన్ రాలేదు.

అయిదవ మెట్టు: విడదీయవలసినదానిని ఎలా విడదీయాలి

ధరల పేజీ విషయంలో నేను ఓడిపోయాను, ఓడిపోవడం సబబే. పొద్దున పది నుండి పన్నెండు దాకా రైతులు ఫోన్లలో ఆ పేజీని పదేపదే తెరుస్తారు. అది కేవలం చదవడం, ఎవరూ ఏమీ రాయరు. రెండు మూడు నిమిషాలు పాతదైనా నష్టం లేదు. కోడ్ విడిగా మారుతున్నది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏదో ఒక ఊరి వాట్సాప్ గ్రూపులో ఆ లింకు పడి వేలమంది ఒకేసారి తెరిచిన రోజున కాటా ఆగకూడదు. ట్రాన్సాక్షన్ దాటదు, ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది, రద్దీ తీరు వేరు, మార్పుల వేగం వేరు. ఈ నాలుగూ కలిసివచ్చిన చోట విడదీయడం లాభమే.

పనిని ఈ వరుసలో చేశాము. మొదట సమాచారం ఒకే దిక్కుకు ప్రవహించేలా చూశాము. లాట్ అమ్ముడుపోగానే మోనోలిత్ తన `outbox`లో ఒక వరుస రాస్తుంది, వర్కర్ దానిని ధరల సర్వీసుకు అందిస్తుంది, ధరల సర్వీసు తన సొంత పట్టికలో దాచుకుంటుంది. అది మా ప్రధాన డేటాబేస్‌ను ఎన్నడూ చదవదు. రెండు సర్వీసులు ఒకే పట్టికను చదువుతుంటే ఆ పట్టికలో ఒక్క కాలమ్ మార్చాలన్నా ఇద్దరినీ అడగాలి, ఇక విడదీసి లాభమేమిటి? తరువాత రెండు వారాలు పాత పేజీ, కొత్త పేజీ రెండూ నడిపి, ప్రతి సాయంత్రం లాట్ల సంఖ్యను, సరుకుల వారీగా కనిష్ఠ, గరిష్ఠ ధరలను సరిపోల్చాము. మూడవ రోజున తేడా వచ్చింది. వేలం తరువాత రద్దైన లాట్ల కబురును మేము అసలు పంపడం లేదు. ఆ పోలిక పెట్టుకోకపోతే రైతులే కనిపెట్టేవారు. ఆ తరువాతే ముందరి ప్రాక్సీలో దారి మళ్లించి, చివరికి పాత కోడ్‌ను తొలగించాము. ఈ చివరి పనిని చాలామంది వాయిదా వేస్తారు, అప్పుడు ఆ పేజీకి రెండు ప్రోగ్రాములూ శాశ్వతంగా మిగిలిపోతాయి. పేజీ మీద "ఈ ధరలు ఇన్ని గంటలకు తీసుకున్నవి" అని సమయం కూడా చూపించాము.

అయినా దెబ్బ తగిలింది. నెల తరువాత మోనోలిత్‌లో ఒకరు `rate` అనే ఫీల్డ్ పేరును `rate_per_qtl` అని మార్చారు. ఒకే ప్రోగ్రాములో ఉన్నప్పుడు ఇటువంటి మార్పును కంపైలరు పట్టుకునేది. ఇప్పుడు పట్టుకునేవారు లేరు, ధరల పేజీ మధ్యాహ్నం దాకా ఖాళీగా కనిపించింది. ఆ రోజు నుండి సర్వీసుల మధ్య వెళ్లే కబురులో కొత్త ఫీల్డ్ చేర్చవచ్చు కానీ, ఉన్నదానిని వాడేవారెవరూ లేరని తేలేదాకా తీసివేయకూడదు, పేరు మార్చకూడదు అన్నది నియమమైంది. కబురు నమూనాను పరీక్షించే ఒక టెస్టు రెండు వైపులా ఉంది.

ఆరవ మెట్టు: మీ వాదనను ఎదుటివారు పరీక్షించగలిగేలా చెప్పండి

ఈ చర్చలో వినబడే వాక్యాలు చాలావరకు నమ్మకాలు. ఒక్కొక్కదానినీ ప్రశ్నగా మారిస్తే వాదన ముందుకు కదులుతుంది.

"మోనోలిత్ స్కేల్ కాదు" అన్నప్పుడు ఏది ముందుగా నిండుతున్నదని అడగండి. అప్లికేషన్ సర్వరు నిండితే అదే మోనోలిత్‌కు మూడు నకళ్లు పెట్టి ముందు లోడ్ బ్యాలెన్సర్ పెట్టవచ్చు. డేటాబేస్ నిండుతుంటే, అప్లికేషన్‌ను ముక్కలు చేసి డేటాబేస్‌ను ఒకటిగానే ఉంచడం వల్ల ఒరిగేదేమీ లేదు.

"ఒకటి పడితే అన్నీ పడతాయి" అన్న మాటలో సగం నిజం ఉంది. నివేదికల కోడ్ మెమరీ మొత్తం మింగేస్తే కాటా నమోదు కూడా పోతుంది. కానీ ఆరు సర్వీసులు ఒకదానినొకటి వరుసగా పిలుస్తూ, ప్రతి ఒక్కటీ 99.9 శాతం సమయం పనిచేస్తే, ఆరూ కలిసి పనిచేసే సమయం 0.999ను ఆరుసార్లు గుణించినంత, అంటే సుమారు 99.4 శాతం. 30 రోజుల నెలలో 43 నిమిషాల ఆటంకం కాస్తా నాలుగు గంటల పైచిలుకు అవుతుంది. పక్కపక్కన నిలబడి, ఒకటి లేకపోయినా మిగతావి నడిచే సర్వీసులకు ఈ లెక్క వర్తించదు. కాబట్టి గీసిన బొమ్మలో బాణాలు వరుసగా ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా అన్నదే అడగవలసిన ప్రశ్న.

"ఎవరికి వారు డిప్లాయ్ చేసుకోవచ్చు" అన్నది మైక్రోసర్వీసుల పక్షాన ఉన్న వాదనలన్నింటిలో బలమైనదని నా అభిప్రాయం. దీనికి పరీక్ష ఏమిటంటే, గడిచిన మూడు నెలలలో ఒకరి పని సిద్ధంగా ఉండి కూడా మరొకరి పని పూర్తి కానందువల్ల ఎన్నిసార్లు ఆగింది? ఏడుగురం ఒకే గదిలో కూర్చునే మా దగ్గర జవాబు సున్నా. నాలుగు బృందాలు, నలభై మంది ఉన్న చోట ఆ జవాబు వేరుగా ఉంటుంది, అక్కడ నేను కూడా విడదీసే పక్షానే మాట్లాడతాను. సంస్థలోని మనుషులు మాట్లాడుకునే తీరే వారు కట్టే వ్యవస్థ తీరు అవుతుందని మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు.

పెద్ద కంపెనీల ఉదాహరణలు తెచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం, ఇందులో నా పక్షం వారే ఎక్కువ తప్పులు చేస్తారు. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియో ఇంజనీర్లు తమ వ్యవస్థను ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చి ఖర్చును 90 శాతం తగ్గించుకున్నారన్నది నిజమే. అయితే అది వీడియో, ఆడియో నాణ్యతను కనిపెట్టి చూసే ఒక్క పరికరం గురించి మాత్రమే, ప్రైమ్ వీడియో మొత్తం గురించి కాదు. వీడియో ఫ్రేములను ఒక భాగం నుండి మరొక భాగానికి నిల్వ ద్వారా చేరవేయడం, ప్రతి అడుగుకూ డబ్బు కట్టవలసిన సమన్వయ సేవను సెకనుకు అనేకసార్లు పిలవడం వారి ఖర్చుకు కారణాలు. మీ దగ్గర అటువంటి చేరవేత లేకపోతే ఆ ఉదాహరణ మీకు పనికిరాదు. సెగ్మెంట్ సంస్థ కథ మాకు కొంత దగ్గరగా ఉంది. వారు 140కి పైగా సర్వీసులను తిరిగి ఒకటిగా కలిపామని 2018లో రాశారు. ముగ్గురు ఇంజనీర్ల సమయంలో ఎక్కువ భాగం వ్యవస్థను బతికించి ఉంచడానికే పోయిందట, ఉమ్మడి లైబ్రరీలో ఒక మార్పు చేస్తే అన్ని సర్వీసులకూ దానిని ఎక్కించవలసి వచ్చిందట. మనిషికి ఎన్ని సర్వీసులు అన్న లెక్కను అక్కడి నుండి తీసుకోవచ్చు. మా ఏడుగురిలో రాత్రి పూట సర్వరు తెరిచి చూడగలిగేవారు ఇద్దరే, వారిలో ఒకరికి చిన్న పాప.

ఇక చర్చకు వెళ్లేముందు ఒకే ఒక పేజీ రాయండి. మొదటి పేరాలో జరిగిన ఇబ్బందిని అంకెతో, రెండవదానిలో ఎదుటివారి వాదనను వారు తలూపేంత న్యాయంగా, మూడవదానిలో మీరు సూచించే అతి చౌకైన మార్పును, దానికి పట్టే రోజులను రాయండి. చివరి పేరాలో ఏది జరిగితే మీ అభిప్రాయాన్ని మార్చుకుంటారో రాయండి. ఈ చివరి పేరా లేని కాగితం ఎంత బాగా రాసినా ఎదుటివారికి మొండితనంగానే కనిపిస్తుంది. నా కాగితం మీద రెండవ పేరాను మా చిన్నవాడికి ముందే చూపించాను. "నేను చెప్పింది ఇది కాదన్నా, ధరల పేజీ గురించి నువ్వు రాయనే లేదు" అన్నాడు. అతని మాటతో ఆ పేరాను తిరగరాసిన తరువాతే ధరల పేజీ కమిట్లను విడిగా లెక్కపెట్టాము.

నా చివరి పేరాలో మూడు షరతులు ఉన్నాయి. ఒకరి కోసం మరొకరి డిప్లాయ్ నెలలో రెండుసార్లకు మించి ఆగడం మొదలైతే, కార్డు చెల్లింపులను మేమే తీసుకోవలసి వస్తే, ఏదైనా ఒక భాగం మెమరీని మింగి కాటా నమోదును ఆపితే విషయాన్ని మళ్లీ తెరుస్తాను. రెండవ షరతు ఎందుకంటే, కార్డు వివరాలు తాకే కోడ్‌కు భద్రతా ఆడిట్ తప్పదు, ఆ కోడ్ వేరుగా ఉంటే ఆడిట్ పరిధి చిన్నదవుతుంది. సీజను మొదలయ్యేలోపు, సెప్టెంబరు మొదటి వారంలో, ఏ షరతు నెరవేరిందో కూర్చుని చూడాలని తేదీ కూడా వేశాము.

ఆ సెప్టెంబరులో మూడవ షరతు నెరవేరి ఉంది. ఏడాది ఖాతాల ఎక్సెల్ నివేదిక తీసినప్పుడల్లా మెమరీ నిండి ప్రోగ్రాము తనంతట తాను తిరిగి మొదలవుతున్నది. విషయాన్ని మళ్లీ తెరిచాము. నివేదికకు ఖాతాల పట్టికలన్నీ కావాలి కాబట్టి దానిని సొంత డేటా ఉన్న సర్వీసుగా విడదీస్తే ఆ పట్టికలన్నిటికీ నకలు ఉంచుకోవలసి వస్తుందని ఈసారి మా చిన్నవాడే చెప్పాడు. అదే కోడ్‌ను మెమరీ పరిమితి పెట్టిన రెండవ వర్కర్‌గా నడిపించాము. బోర్డు మీద ఆరు డబ్బాలు ఇంకా అలాగే ఉన్నాయి, వాటిలో ధరల పేజీ ఒక్కదాని చుట్టూ పచ్చ గీత ఉంది.